ఐదు, నాలుగు, మూడు... ఒక్క సాయంత్రం

"ఆలసించిన ఆశాభంగం! మంచి తరుణం మించిన దొరకదు!" అంటూ రిక్షాకు కట్టిన మైకు వీధి చివర మలుపు తిరిగేది. సినిమా మారినా, సర్కస్ వచ్చినా, చేనేత ప్రదర్శన పెట్టినా అదే గొంతు, అదే సాగదీత. "నేడే ఆఖరు రోజు" అని ఆ గొంతు అరిస్తే ఊరు నమ్మేది. మర్నాడు డేరా పీకేసేవారు, దాంతోపాటే మైకు కూడా ఊరు దాటిపోయేది. పిలుపు, గడువు రెండూ ఒకే బండి మీద ప్రయాణం చేసేవన్నమాట.

ఇప్పుడు ఆ పిలుపు ఫోన్లోకి వచ్చింది. ఆన్‌లైన్ మార్కెట్లలో సరుకు పెట్టుకున్న చిన్న అమ్మకందారులు "ఫ్లాష్ సేల్" అని పేరుపెట్టి, కొన్ని గంటలపాటు ధర తగ్గించి, ముప్పై సెకన్ల వీడియో ఒకటి వదులుతున్నారు. అందులో గడియారం టిక్కుటిక్కుమంటుంది, అంకెలు వెనక్కి నడుస్తాయి, "ఇంకా రెండు గంటలే" అని ఎవరో గాభరాగా చెబుతారు. చిక్కల్లా ఏమిటంటే, అమ్మకం ముగిసినా ఈ మైకు ఊరు దాటదు. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత ఎవరి పిన్నికో చేరి, అప్పుడు కూడా "ఇంకా రెండు గంటలే" అంటుంది. ఆ పిన్ని లింకు నొక్కితే పాత ధర కనబడుతుంది. దుకాణం పేరు చెడటానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

అంకెల లెక్కతో నడిచే ప్రకటన రాయడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. జనాన్ని తొందరపెట్టే మాటలు ఎవరైనా రాస్తారు. ఎప్పుడు విన్నా అబద్ధం కాని మాటలతో తొందర పుట్టించాలంటే కాస్త బుర్ర పెట్టాలి.

తక్కువ సమయం, తక్కువ సరుకు, తక్కువ ధర అనే ఈ మూడు ముక్కల ఆట మన దేశంలో 2014లో ఇంటింటికీ తెలిసింది. ఆ ఏడాది జులైలో షియోమీ సంస్థ ఎంఐ 3 ఫోన్‌ను 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే, ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అమ్మింది. తర్వాతి విడతల్లో సరుకు సెకన్లలో అయిపోయింది. అదే ఏడాది అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ "బిగ్ బిలియన్ డే" పెట్టింది. జనం విరగబడ్డారు, సైటు మొరాయించింది, కొన్న వస్తువులు రద్దయ్యాయి, ధరల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మర్నాడు వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాశారు. అంత పెద్ద సంస్థ లేఖ రాసి తేరుకోగలదు. ఇంట్లో గదిలో చీరలు మడతపెట్టి పంపించే అమ్మకందారుకు ఆ వెసులుబాటు ఉండదు. ఒక నక్షత్రం రేటింగులు పది పడితే చాలు, ఆ చీర ఎవరికీ కనబడని అట్టడుగుకు జారిపోతుంది.

అలాంటి ఒక అమ్మకందారునే తీసుకుని లెక్క చూద్దాం. మంగళగిరిలో చేనేత కాటన్ చీరలు కొని ఆన్‌లైన్లో అమ్మే ఆవిడ ఉందనుకుందాం. ఆవిడ దగ్గర అరవై చీరలున్నాయి. చిలకపచ్చ, నేరేడు, కనకాంబరం, నీలం రంగుల్లో పదిహేనేసి. మామూలు ధర 1,899 రూపాయలు. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు 1,399కి ఇవ్వాలనుకుంది.

స్క్రిప్టు కన్నా ముందు కాగితం మీద తేలాల్సింది డబ్బు లెక్క. 1,399లో అయిదు శాతం జీఎస్టీ తీస్తే సుమారు 1,332 మిగులుతుంది. చీర కొన్నది 950కి అనుకుందాం. కమీషన్, రవాణా కలిపి మార్కెట్ వేదిక 190 పట్టుకుంటుందనుకుందాం. చీరకు 192 రూపాయలు చేతికొస్తాయి. ప్రకటనకు మూడు వేలు ఖర్చుపెట్టి అరవై చీరలూ అమ్మేస్తే మొత్తం మీద ఎనిమిదిన్నర వేలు మిగులుతాయి. బాగానే ఉంది. ఇప్పుడు ఆ అరవైలో పది వెనక్కి వచ్చాయనుకుందాం. వెనక్కి వచ్చిన ఒక్కో చీరకు రానుపోను ఖర్చు 150 అమ్మకందారు నెత్తిన పడితే, ఆ ఎనిమిదిన్నర వేలు అయిదు వేల వంద అవుతుంది.

ఈ వెనక్కి రావడాన్ని అమ్మకందారులు "ఆర్‌టీఓ" అంటారు. తలుపు దాకా వెళ్లిన పార్సిల్‌ను కొనుగోలుదారు వద్దంటే అది వచ్చిన దారినే తిరిగొస్తుంది. వస్తువు చేరాక డబ్బిచ్చే పద్ధతిలో ఈ బెడద ఎక్కువ. గాభరాగా నొక్కినవాళ్లకు మూడో రోజు ఆ గాభరా ఉండదు మరి. "జాకెట్ ముక్క ఉందో లేదో చూసుకోలేదు" అనో, "వీడియోలో ఉన్నంత మెరుపు లేదు" అనో అంటారు. అంటే ప్రకటన ఎంత తొందరపెడితే అంతమంది కొంటారన్నది సగం నిజం. ఏం కొంటున్నారో తెలియకుండా తొందరపెడితే ఆ లాభాన్ని డెలివరీ బండి మళ్లీ వెనక్కి మోసుకుపోతుంది.

ఇప్పుడు స్క్రిప్టు. ఫోన్లు నిండా తిరిగే రకం ఇలా ఉంటుంది:

"హాయ్ ఫ్రెండ్స్! ఇలాంటి ఆఫర్ మళ్లీ రాదు! మంగళగిరి చీరలు సగం ధరకే! ఇంకా రెండు గంటలే టైముంది! మూడే మూడు మిగిలాయి! వేలమంది చూస్తున్నారు! టెన్, నైన్, ఎయిట్... వెంటనే కొనేయండి!"

ఒక్కో ముక్కనూ పట్టి చూస్తే ఏదీ నిలవదు. ఐదు వందల తగ్గింపు సగం ధర కాదు, నాలుగోవంతు పైచిలుకు మాత్రమే. "ఇంకా రెండు గంటలే" అన్నది రాత్రి ఎనిమిదింటికి వింటేనే నిజం. "మూడే మిగిలాయి" అన్న మాటను రికార్డు చేసిన రోజున అరవై చీరలూ బీరువాలోనే ఉన్నాయి. చీర అంచు ఎలా ఉంటుందో, జాకెట్ ముక్క ఉందో లేదో ఒక్క మాట కూడా లేదు. అన్నిటికీ మించి, రేపు మళ్లీ ఇదే ఆవిడ ఇంకో అమ్మకం పెడితే, "ఇలాంటి ఆఫర్ మళ్లీ రాదు" అన్న వీడియో పక్కనే ఇంకోటి కనబడుతుంది.

ఇందులో అంకెల లెక్క ఎందుకు ఉందో కూడా రాసినవాళ్లకు తెలియదు. ఏదో ఊపు వస్తుందని పెట్టారు. పది నుంచి ఒకటి దాకా లెక్క పెట్టడం తెలుగులో అంత సులువు కాదు కూడా. "టెన్, నైన్, ఎయిట్" ఒక్కో దెబ్బలో పోతాయి. "తొమ్మిది, ఎనిమిది" మూడేసి, నాలుగేసి అక్షరాలు. తాళం తప్పుతుంది. అందుకే తెలుగు స్క్రిప్టులో ఇంగ్లిష్ అంకెలు దూరిపోతాయి. అయిదు నుంచి మొదలుపెడితే ఆ బాధ లేదు. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. వినడానికి మెట్లు దిగినట్టు ఉంటుంది.

ఆ మెట్లమీద ఏం పెట్టాలన్నదే అసలు పని. ప్రతి అంకెకూ చీరకు సంబంధించిన నిజం ఒకటి తగిలిస్తే, లెక్క వెనక్కి నడుస్తుంటే చీర ముందుకు వస్తుంది. మన మంగళగిరి ఆవిడ స్క్రిప్టు ఇలా రాసుకోవచ్చు:

"మంగళగిరి కాటన్ చీర. పద్దెనిమిదొందల తొంభై తొమ్మిది. ఈ శుక్రవారం లెక్క మారుతోంది.
ఐదు. ఐదొందలు తగ్గింపు.
నాలుగు. నాలుగు రంగులు.
మూడు. మూడు వేళ్ల అంచు.
రెండు. రెండువైపులా జరీ.
ఒకటి. ఒక్క సాయంత్రం.
శుక్రవారం, ఆరు నుంచి పది వరకు. మొత్తం అరవై చీరలు. జాకెట్ ముక్క ఉంది. పద్నాలుగొందలకు ఒక్క రూపాయి తక్కువ. లింకు కిందే ఉంది."

లెక్కపెడితే నలభై నాలుగు మాటలు. తెలుగు మాటలు పొడవు కాబట్టి ముప్పై సెకన్లలో ఊపిరి తీసుకుంటూ చదవాలంటే యాభైకి మించకూడదు. ఇక్కడ అంకెకూ అంకెకూ మధ్య చిన్న విరామం కావాలి, అందుకే ఇంకాస్త తగ్గింది. గడియారం శబ్దం పెట్టుకోవాలనుకుంటే ఆ విరామాల్లోనే పెట్టుకోవచ్చు. మాటల కింద మోగిస్తే ఏదీ వినబడదు.

ధర చెప్పిన తీరు చూడండి. 1,399ని "పదమూడొందల తొంభై తొమ్మిది" అని పలికితే నోరు నిండుతుంది, చెవికి ఏదీ అంటదు. పైగా 1,899కి, 1,399కి చివర రెండు మాటలూ ఒకటే కావడంతో తేడా వినబడదు. "పద్నాలుగొందలకు ఒక్క రూపాయి తక్కువ" అనేది బజారులో మనుషులు మాట్లాడుకునే తీరు. తెర మీద మాత్రం అంకెల్లో ₹1,399 అని స్పష్టంగా ఉండాలి. మాటలో, తెర మీద, పేజీలో ధర ఒక్కటే కావాలి. రవాణా ఖర్చు విడిగా పడేట్టయితే అది కూడా తెర మీద ఉండాలి.

"మూడు వేళ్ల అంచు" అన్నప్పుడు కెమెరా ఏం చూపాలి? అంచు మీద మూడు వేళ్లు ఆనించి చూపాలి. అరచేయి పక్కన ఉంటే వెడల్పు ఎంతో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. జరీ మీద ట్యూబులైటు పడితే లేని మెరుపు వస్తుంది, కాబట్టి ఆ ముక్క పగటి వెలుతురులో కిటికీ దగ్గర తీయడం మేలు. ఒక్క సెకను పట్టే ఈ జాగ్రత్త పైన చెప్పిన పది వాపసుల్లో రెండు మూడింటిని ఆపుతుంది.

ఈ స్క్రిప్టులో "ఇంకా" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. అది పొరపాటున జారిపోలేదు. మిగిలిన సమయం చెప్పే మాట రికార్డు చేసిన మరుక్షణం నుంచి పాతబడుతుంది. ముగిసే సమయం చెప్పే మాట పాతబడదు. "ఆరు నుంచి పది వరకు" అన్నది గురువారం విన్నా నిజమే, శనివారం విన్నా నిజమే. శనివారం విన్నవాళ్లకు అయిపోయిందని అర్థమవుతుంది, మోసపోయామనిపించదు. దానికి తోడు తేదీ తెర మీద మూలన మొదటినుంచి చివరిదాకా ఉండాలి. ఉత్త శుక్రవారం అంటే వచ్చే వారం ఫార్వర్డ్ అందుకున్నవాళ్లకు అది వాళ్ల శుక్రవారం అవుతుంది.

రాత్రి పన్నెండుకు ముగించే అమ్మకాలకు ఇంకో తలనొప్పి ఉంది. "శుక్రవారం రాత్రి పన్నెండు" అంటే గడియారం ప్రకారం ఏది? గురువారం దాటి శుక్రవారం మొదలయ్యే క్షణమా, శుక్రవారం దాటి శనివారం మొదలయ్యే క్షణమా? మన ఇళ్లలో తెల్లారితేనే రోజు మారినట్టు. యాప్ లెక్క వేరు. ఆ గందరగోళం వద్దనుకునేవాళ్లు 11:59 అని పెడతారు. మన ఆవిడ పదింటికే ముగించుకుంది, హాయి.

ఇంతవరకు ఒక్క వీడియో సంగతి. ఇది బుధవారం సాయంత్రం నుంచి శుక్రవారం దాకా తిరిగే వీడియో. డబ్బు కట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటన వేసేవాళ్లు దాన్ని శుక్రవారం మధ్యాహ్నం ఎక్కిస్తే సమయానికి రాకపోవచ్చు. ఎక్కించిన ప్రకటనను ఆ సంస్థ పరిశీలిస్తుంది. ఆ పరిశీలన ఎక్కువసార్లు ఒక రోజు లోపు పూర్తవుతుంది కానీ, నాలుగు గంటల అమ్మకానికి ఒక రోజు అంటే చాలా ఎక్కువ. అందుకే రెండు రోజుల ముందే ఎక్కించి, ప్రకటన ముగిసే సమయాన్ని శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు కట్టేయాలి. పది దాకా ఉంచితే చివరి నిమిషంలో నొక్కినవాళ్లు డబ్బు కట్టేలోపు ధర మారిపోతుంది. వాళ్లే ఎక్కువ తిడతారు.

ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ, వాట్సాప్ స్టేటస్‌లది ఇంకో రకం చిక్కు. అవి పెట్టినప్పటినుంచి 24 గంటలు ఉంటాయి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి "మొదలైంది" అని పెడితే, అది శనివారం సాయంత్రం దాకా "మొదలైంది" అంటూనే ఉంటుంది. పదింటికి చేత్తో తీసేయాల్సిందే. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్ ఉంటుంది. దానికి తేదీ, సమయం ఇస్తే అంకెలు తమంతట తామే తగ్గుతాయి, చూసేవాళ్లు కోరుకుంటే గుర్తుచేస్తుంది. కదిలే గడియారం కావాలనుకుంటే అక్కడ పెట్టుకోవడం సబబు. వీడియోలో అతికించిన గడియారం బొమ్మ గోడకు గీసిన గడియారం లాంటిది.

మిగిలిన సమయం, మిగిలిన సరుకు చెప్పే మాటలకు చోటే లేదా అంటే ఉంది. చివరి గంటలో, అప్పటికప్పుడు ఫోన్ పట్టుకుని చెప్పే ఎనిమిది సెకన్ల మాటలో. "తొమ్మిదైంది. పదికి ముగుస్తుంది. చిలకపచ్చ అయిపోయింది. మిగతా మూడు రంగుల్లో పదిహేడు ఉన్నాయి." ఇది ముందే రాసి పెట్టుకోలేని స్క్రిప్టు. ఖాళీలు వదిలి రాసుకోవాలి, తొమ్మిదింటికి ఆర్డర్ల పేజీ చూసి పూరించాలి. కేకలు లేవు, సంగీతం లేదు. వెనకాల మంచం మీద సర్ది ఉన్న చీరలు కనబడితే చాలు. నిజానికి మొత్తం ప్రచారంలో ఎక్కువ బేరం తెచ్చేది ఈ ముక్కే కావచ్చు, ఎందుకంటే మైకు రిక్షా లాగా గొంతు, గడువు ఒకే చోట ఉన్నది ఇందులోనే.

చిలకపచ్చ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగు రంగులుంటే నాలుగూ సమానంగా అమ్ముడుపోవు. వీడియో మొదటి ఫ్రేములో ఏ రంగుంటే అదే ముందు పోతుంది. ఏడింటికల్లా చిలకపచ్చ పదిహేనూ అయిపోయి, ప్రకటనలో మాత్రం మోడల్ చిలకపచ్చే కట్టుకుని ఉంటే, నొక్కి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోతారు. ప్రకటనకు క్లిక్కులు పెరుగుతూ ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోతే దాదాపుగా కారణం ఇదే. మందు ముందే వేసుకోవచ్చు. మొదటి ఫ్రేములో నాలుగు రంగులూ పక్కపక్కన పరవాలి, లేదా ఎక్కువ నిల్వ ఉన్న రంగునే ముందు పెట్టాలి.

కొన్ని మార్కెట్లలో గడియారం అమ్మకందారు చేతిలో ఉండదు. ఉదాహరణకు అమెజాన్ లైట్నింగ్ డీల్ పద్ధతిలో అమ్మకందారు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, ఎన్ని వస్తువులు ఇస్తాడో చెప్పాలి. కొనేవాళ్లకు పేజీలోనే గడియారం, ఎంత శాతం అయిపోయిందో చూపే పట్టీ కనబడతాయి. బుట్టలో వేసుకున్నాక కొద్ది నిమిషాల్లో డబ్బు కట్టకపోతే ఆ వస్తువు ఇంకొకరికి పోతుంది. అంత యంత్రాంగం పేజీలోనే ఉన్నప్పుడు వీడియోలో మళ్లీ తొందరపెట్టడం దండగ. అక్కడ వీడియో పని చీరను చూపడం, తేదీ, వేళ చెప్పడం, అంతే. వేళ మారే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ ఒక్క వాక్యాన్ని విడిగా రికార్డు చేసి పెట్టుకుంటే, మారినప్పుడు వీడియో మొత్తం మళ్లీ తీయనక్కర్లేదు.

ధరను అమ్మకందారే మార్చుకునే చోట ఇంకో జాగ్రత్త ఉంది. ఆరింటికి ధర మారిస్తే పేజీలో అది కనబడటానికి కొంత సమయం పట్టొచ్చు. అయిదున్నరకే మార్చి, ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూసుకుని, ఆ తర్వాత "మొదలైంది" అనడం మంచిది. సొంత ఫోన్‌లో చూసుకుంటే లాభం లేదు.

అంకెలు వెనక్కి లెక్కపెట్టే ఈ పద్ధతికి మూలం చాలామందికి తెలియదు. రాకెట్ ప్రయోగాలతో దాన్ని జతచేసి జనానికి పట్టించినవాటిలో 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన "చంద్రుడిపై స్త్రీ" అనే మూకీ సినిమా ముఖ్యమైనది. తెరపై ఉత్కంఠ కోసం పెట్టిన లెక్క తర్వాత నిజం రాకెట్లకే పాకింది. మనకైతే కౌంట్‌డౌన్ అనగానే శ్రీహరికోటే గుర్తొస్తుంది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగానికి లెక్క నడుస్తోంది. 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా గడియారం ఆగిపోయింది. సాంకేతిక లోపం కనబడిందని ఇస్రో ప్రయోగాన్ని వాయిదా వేసి, జులై 22న చేసింది. లెక్క మొదలైంది కదా అని సున్నా దాకా వెళ్లిపోలేదు.

అమ్మకందారుల స్క్రిప్టులో ఎప్పుడూ లేనిది ఆ ఆగడమే. అరవై చీరలూ ఎనిమిదింటికే అయిపోతే ఏం చేయాలి? ప్రకటన ఆపేయాలి, స్టోరీ తీసేయాలి, "అయిపోయాయి, ధన్యవాదాలు" అని ఒక్క ముక్క పెట్టాలి. చాలామంది అలా చేయరు. జనం వస్తూ ఉంటే బాగుంటుందని వదిలేస్తారు, లేదా అమ్మకాన్ని "మీ కోరికపై ఆదివారం వరకు" పొడిగిస్తారు. ఆ పొడిగింపు శుక్రవారం గాభరాపడి కొన్నవాళ్లకు చెంపదెబ్బ. తర్వాతి అమ్మకంలో వాళ్లెవరూ తొందరపడరు, ఆదివారం దాకా ఆగుతారు. దానికి మందు లేదు.

ఇది మర్యాద దగ్గర ఆగిపోయే విషయం కూడా కాదు, చట్టం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న "డార్క్ ప్యాటర్న్స్" నిరోధానికి మార్గదర్శకాలు నోటిఫై చేసింది. ఆన్‌లైన్లో కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల పోకడలు అందులో ఉన్నాయి. మొట్టమొదటిది బూటకపు తొందర. సరుకు ఉన్నదానికన్నా తక్కువ ఉన్నట్టు చెప్పడం, లేని గిరాకీ ఉన్నట్టు చూపడం దాని కిందికే వస్తాయి. ఇవి మార్కెట్ వేదికలకే కాదు, ప్రకటనకర్తలకు, అమ్మకందారులకు కూడా వర్తిస్తాయి. అంతకుముందు 2022 జూన్‌లో వచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు ఎర ప్రకటనల గురించి చెప్పాయి. చెప్పిన ధరకు అమ్మేంత సరుకు లేకుండా జనాన్ని పిలవకూడదు, నిల్వ పరిమితంగా ఉంటే ఆ మాట చెప్పాలి. మన స్క్రిప్టులో "మొత్తం అరవై చీరలు" అన్న మూడు మాటలు ఆ పని చేస్తున్నాయి. వేగం పెంచేదీ అవే, చట్టం ముందు నిలబెట్టేవీ అవే.

బయటి దేశాల్లో కూడా ఈ గడియారాల మీద కన్ను పడింది. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరికొందరితో కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 వేల షాపింగ్ సైట్లను యంత్రంతో గాలించారు. సున్నాకు చేరాక కూడా అదే ఆఫర్ నడుస్తూ ఉన్న గడియారాలు, పేజీ మళ్లీ తెరిస్తే మొదటికొచ్చే గడియారాలు వాళ్లకు దొరికాయి. అంటే వెనకాల అమ్మకమే లేదు, ఒట్టి అంకెలు.

కొనేవాళ్లు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు, యంత్రాలేం అక్కర్లేదు. గడియారం కనబడిన పేజీని మూసి మళ్లీ తెరవండి, లేదా ఇంకో ఫోన్‌లో తెరవండి. అంకెలు మొదటినుంచి మొదలైతే అది గడియారం కాదు, బొమ్మ. వీడియోలో తేదీ లేకుండా "ఈ రోజే" అని ఉంటే దాన్ని లెక్కచేయకండి. నచ్చిన వస్తువు ధరను ఒక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గడువు దాటిన మర్నాడు మళ్లీ చూడండి. మన మంగళగిరి ఆవిడ పేజీలో శనివారం ఉదయం 1,899 కనబడాలి. ఇంకా 1,399 దగ్గరే ఉంటే, ఆ స్క్రీన్‌షాట్లు పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.